చువ్వ వెనక్కి చెయ్యి పట్టాలి

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పాత అపార్ట్‌మెంట్. సెల్లార్లో మూల స్తంభం అడుగున రెండడుగుల మేర పెచ్చులూడి, చువ్వలు బయటపడ్డాయి. రెండేళ్ల క్రితమే అక్కడ సిమెంటు పూత పూశారట. ఆ పూత పలకలా ఊడి నా చేతిలోకి వచ్చింది. దాని లోపలివైపు ఎర్రటి తుప్పు అచ్చు కనబడింది.

ఇనుము తుప్పుగా మారితే ముందున్నదానికంటే కొన్ని రెట్లు చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికే పైనున్న కాంక్రీటు పగిలి ఊడుతుంది. ఊడిన చోట పైపైన పూసి వదిలేస్తే చువ్వ వెనక తుప్పు పని ఆగదు. అందుకే స్తంభం మరమ్మతుకు రాసే స్పెసిఫికేషన్‌లో నేను మొదట చూసేది ఎంత లోతు కొట్టమన్నారన్నదే.

కొట్టే ముందు స్తంభంపై ఆనిన బీములన్నిటి కిందా జాకీలు పెట్టించాం. స్తంభాన్ని చెక్కుతున్నామంటే అది మోసే కొలతను తగ్గిస్తున్నామని అర్థం. తర్వాత చిన్న సుత్తితో స్తంభమంతా తట్టి, డొల్ల శబ్దం వచ్చిన మేర సుద్దతో గీత గీశాం. కంటికి కనబడిన రెండడుగులు సుద్దగీతలో మూడడుగులయ్యాయి. గీత వెంట కటింగ్ మెషీన్‌తో సుమారు 10 మి.మీ. లోతు కోత పెట్టించాం. అంచు నిలువుగా ఉండాలి. పల్చగా ముగిసే అంచు దగ్గరే కొత్త మోర్టారు ముందుగా లేస్తుంది. కోత రింగులకు తగలకుండా చూసుకోవాలి.

లోపలి కాంక్రీటును తేలికపాటి హ్యామర్‌తో తీయించాం. పెద్ద బ్రేకర్ వాడితే మిగిలిన మంచి కాంక్రీటులోనూ సన్నని పగుళ్లు పడతాయి. చువ్వ సగం కనబడగానే మేస్త్రీ ఆపబోయాడు. “చువ్వ వెనక్కి నీ వేళ్లు పట్టేదాకా తియ్యి నాయనా” అన్నాను. కనీసం 20 నుంచి 25 మి.మీ. ఖాళీ ఉంటే తప్ప వెనకవైపు తుప్పు గీకడానికీ, కొత్త మోర్టారు చువ్వను చుట్టుకోవడానికీ వీలుండదు. చువ్వ పొడవునా తుప్పు లేని ఇనుము కనబడేదాకా పైకి వెళ్లాం.

వైరు బ్రష్‌తో ముందువైపు మెరిపించడం తేలికే, వెనకవైపే మోసం జరుగుతుంది. ఇసుక బ్లాస్టింగ్‌తో చుట్టూ శుభ్రం చేయించి, అద్దం పెట్టి వెనక చూశాను. సముద్రపు ఉప్పు చేరిన చోట గుంటల్లో ఉప్పు మిగులుతుంది కాబట్టి మంచినీళ్లతో కడిగించి మళ్లీ బ్లాస్టింగ్ చేయించాం. అప్పుడు కొలిస్తే 16 మి.మీ. మూల చువ్వ ఒకచోట 14 మి.మీ. మిగిలింది. రెండు మి.మీ.లే కదా అనిపిస్తుంది. కానీ లెక్క వ్యాసం వర్గం మీద నడుస్తుంది. 256లో 196 మిగిలింది, అంటే 23 శాతం ఇనుము పోయింది. డిజైన్ ఇంజినీరు పక్కనే కొత్త చువ్వ వేయమన్నారు. కిందికొసను పునాదిలో రంధ్రం వేసి ఎపాక్సీ గ్రౌట్‌తో పాతి, పైకొసను మంచి చువ్వ పక్కన 800 మి.మీ. మేర కలిపి కట్టాం.

ఇక బాండింగ్ ఏజెంటు. ఇది జిగురే, కానీ ఆరిపోయిన జిగురు పాత కాంక్రీటుకూ కొత్తదానికీ మధ్య అడ్డుపొర అవుతుంది. లేటెక్స్ కలిపిన సిమెంటు పాలు పూస్తే అవి తడిగా ఉండగానే మోర్టారు పడాలి. మా స్తంభానికి పూసిన తర్వాత షట్టరింగ్ బిగించాలి, దానికి గంటలు పడుతుంది. అందుకే ఎక్కువసేపు జిగటగా ఉండే ఎపాక్సీ రకం ఎంచుకున్నాం. ఎంతసేపన్నది డబ్బా మీద రాసి ఉంటుంది. విశాఖ వేసవిలో అది ఇంకా తగ్గుతుంది. మోర్టారు కంపెనీ జిగురు అక్కర్లేదంటే వాడకూడదు. అప్పుడు పాత కాంక్రీటును ముందురోజు నుంచే తడిపి, పైన నీళ్లు నిలవకుండా ఉన్నప్పుడు వేయాలి.

మోర్టారు ఎంపికలో చాలామంది బలం అంకె ఒక్కటే చూస్తారు. పాత కాంక్రీటుకు దగ్గరి బిగువు, తక్కువ కుంచించుకునే గుణం అంతకంటే ముఖ్యం. లోతు తక్కువైతే పాలిమర్ మోర్టారు పొరలుగా చేత్తో పెట్టొచ్చు. మాది చువ్వల వెనకదాకా లోతు కాబట్టి షట్టరింగ్ కట్టి, తనంతట తానే పారే మైక్రో కాంక్రీటు పోశాం. బస్తాకు నీళ్లు కొలత గ్లాసుతో పోయించాను. మేస్త్రీ చేతివాటంగా మరో మగ్గు వంచితే బాగా పారుతుంది, ఆరాక పగులుతుంది. షట్టరింగ్ విప్పగానే తడి గోనెపట్టాలు చుట్టి ఏడు రోజులు తడిపాం. బలం పరీక్ష నివేదిక వచ్చేదాకా జాకీలు కదపలేదు.

ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. ఉప్పు పట్టిన స్తంభంలో కొత్త ముక్క శుభ్రంగా ఉంటే, దాని అంచుకు అవతల పాత కాంక్రీటులోని చువ్వ కొత్తగా తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. అందుకని ముందే కాంక్రీటు పొడి తీసి క్లోరైడ్ పరీక్ష చేయించి, అంచుల దగ్గర చువ్వలకు చిన్న జింక్ దిమ్మలు కట్టించాం. జింకు ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది, తాను అయిపోయేదాకా.

నెల తర్వాత అదే సుత్తితో అతుకు వెంట తట్టాను. ఒక్క చోట, వెనకమూలన అరచేతి మేర డొల్ల పలికింది. గాలి చిక్కుకుని ఉంటుంది. అక్కడ సుద్దతో మళ్లీ గీత గీశాం.