అర శాతం జరిమానా, ఒక శాతం కోత

గడువు తీరకుండానే ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేస్తే ఎంత పోతుందని బ్యాంకులో అడిగితే, చాలాచోట్ల వచ్చే జవాబు ఒకటే: "అర శాతం పెనాల్టీ అండీ." అది అబద్ధమేమీ కాదు. స్టేట్ బ్యాంకులో 5 లక్షల లోపు డిపాజిట్లకు జరిమానా అర శాతమే, ఆపైన ఒక శాతం. అయితే ఆ అర శాతాన్ని ఏ రేటులోంచి తీసేస్తారన్నదే అసలు సంగతి, ఆ మాట మాత్రం మనం అడిగితే తప్ప బయటికి రాదు.

బాండు మీద అచ్చేసిన రేటులోంచి కాదు. మీ డబ్బు నిజంగా ఎన్నాళ్లు బ్యాంకులో ఉందో చూస్తారు. డిపాజిట్ వేసిన రోజున అన్నాళ్ల గడువుకు బ్యాంకు ఎంత రేటు ఇస్తోందో చూస్తారు. ఆ రేటు, బాండు మీది రేటు – రెంటిలో ఏది తక్కువైతే దాన్ని తీసుకుని, అందులోంచి జరిమానా తగ్గిస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. 4 లక్షల రూపాయలు మూడేళ్లకు 7 శాతం మీద వేశారనుకోండి. అదే రోజున ఏడాది నుంచి రెండేళ్ల లోపు గడువుకు రేటు 6.5 శాతం. పదిహేను నెలలకు ఇంట్లో అవసరం పడి బాండు రద్దు చేశారు. మూడేళ్ల రేటు మీకు వర్తించదు, ఎందుకంటే మూడేళ్లు ఉంచలేదు. 6.5 లోంచి అర శాతం పోగా 6 శాతం మిగిలింది. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలిసే పద్ధతిలో ఐదు త్రైమాసికాలకు వచ్చే వడ్డీ దాదాపు 30,914 రూపాయలు. 7 శాతం చొప్పున అయితే ఇదే కాలానికి 36,247 వచ్చేది. తేడా 5,333. ఇందులో సగమే జరిమానా. మిగతా సగం, ఎవరూ పెనాల్టీ అని పిలవని రేటు తగ్గింపు.

వడ్డీని మూడు నెలలకోసారి చేతికి తీసుకునేవాళ్లకు ఈ కోత ఇంకో రూపంలో ఎదురవుతుంది. పై డిపాజిట్టే వాళ్లదైతే త్రైమాసికానికి 7,000 చొప్పున ఐదుసార్లు 35,000 ఖాతాలో పడి, ఖర్చు కూడా అయిపోయి ఉంటుంది. రద్దు చేసిన రోజున బ్యాంకు 6 శాతం లెక్కన మీకు రావలసింది 30,000 అని తేల్చి, ఎక్కువిచ్చిన 5,000 అసలులోంచి పట్టుకుంటుంది. 4 లక్షలు వేసినవారికి 3,95,000 చేతికొస్తుంది. పింఛను డబ్బు దాచుకున్న పెద్దవాళ్లు "నా అసలే తినేశారు" అని కౌంటర్ దగ్గర గొడవపడేది ఇక్కడే. లెక్క తప్పు కాదు. చెప్పవలసినవాళ్లు ముందే చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఈ పద్ధతిలో తేదీకి చాలా విలువుంది. మీ డిపాజిట్‌కు ఏడాది నిండడానికి నాలుగు రోజులే ఉందనుకోండి. ఇవాళ తీసేస్తే ఏడాది లోపు గడువుల రేటు వర్తిస్తుంది, అది తరచు ఇంకా తక్కువ. నాలుగు రోజులు ఆగితే ఏడాదంతటికీ పై మెట్టు రేటు కట్టిస్తారు. అందుకే రద్దు ఫారం మీద సంతకం పెట్టేముందు, డిపాజిట్ వేసిన రోజున అమల్లో ఉన్న రేట్ల పట్టిక చూపించమనండి. ఇవాళ్టి పట్టిక ఈ లెక్కకు పనికిరాదు.

రేట్లు పెరిగాయి కదా అని పాతది తీసి కొత్తది వేసేవాళ్లూ ఉన్నారు. మన 4 లక్షలనే పదిహేను నెలలకు తీసి, వచ్చిన 4,30,914ను మిగిలిన ఇరవై ఒక్క నెలలకు 7.5 శాతం మీద వేస్తే చివరికి సుమారు 4,90,754 అవుతుంది. కదపకుండా ఉంచితే 4,92,576. అర శాతం ఎక్కువ రేటు దొరికినా దాదాపు 1,800 నష్టమే.

డబ్బు కొద్ది నెలలకే కావాలంటే బాండు మీద అప్పు తీసుకోవచ్చు. చాలా బ్యాంకులు డిపాజిట్ రేటుకు ఒక శాతం కలిపి ఇస్తాయి. 3 లక్షలు నాలుగు నెలలకు 8 శాతం మీద తీసుకుంటే వడ్డీ 8,000. అదే సొమ్ము మీద డిపాజిట్ వడ్డీ 7,000 వస్తూనే ఉంటుంది. నికరంగా పడే భారం 1,000, రద్దు చేస్తే పోయేది 5,333. డిపాజిట్ వడ్డీ మీద పన్ను కట్టేవారికి భారం ఇంకొంచెం ఎక్కువ. నాలుగు నెలల్లో తీరుస్తామనుకున్న అప్పు ఏడాదిన్నర దాటి సాగితే మాత్రం రెండు దారులకూ పెద్ద తేడా ఉండదు. పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల డిపాజిట్‌కు ఈ రెండు దారులూ మూసే ఉంటాయి: గడువులోగా తీయనివ్వరు, దాని మీద అప్పూ ఇవ్వరు.