ఇరవై అక్షరాల చిరునామా

(ఒక సెమినార్‌లో చేసిన ప్రసంగ పాఠం. స్లైడ్లు మారే చోట్లు బ్రాకెట్లలో ఉన్నాయి.)

క్రిస్పర్ మీద మాట్లాడేవాళ్లు మొదటి స్లైడ్‌లో కత్తెర బొమ్మ పెట్టడం ఆనవాయితీ. నేను పెట్టలేదు. డీఎన్ఏని కోసే ఎంజైములు ప్రకృతిలో బోలెడున్నాయి, కోయడం పెద్ద విశేషం కాదు. ఎక్కడ కోయాలో ఇరవై అక్షరాల్లో రాసి చెప్పగలగడం విశేషం. అందుకే ఈ రోజు ఒకే ఒక్క గైడ్ ఆర్ఎన్ఏ గురించి మాట్లాడతాను. సికిల్ సెల్ జబ్బుకు 2023 చివర్లో బ్రిటన్, ఆ తర్వాత అమెరికా అనుమతించిన క్యాస్జెవీ చికిత్సలో వాడేది అదే.

[రెండో స్లైడ్]

```
CTAACAGTTGCTTTTAT | CAC   AGG
```

ఎడమవైపు ఇరవై అక్షరాలు మన చిరునామా. గైడ్‌లో ఇవే ఉంటాయి, టి ఉన్నచోట యు ఉంటుంది, అంతే తేడా. నిలువు గీత ఉన్నచోట కోత పడుతుంది. చివరి మూడక్షరాలు గైడ్‌లో ఉండవు, డీఎన్ఏలో మాత్రమే ఉండాలి. వాటి సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు జబ్బు. హిమోగ్లోబిన్ తయారు చేసే జన్యువులో ఒక ఎ అక్షరం టిగా మారితే ఎర్రకణం కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ అక్షరాన్నే సరిచేయొచ్చు కదా అని ఇక్కడ సగం మందికి అనిపిస్తుంది. కానీ క్రిస్పర్ కోస్తుంది, దిద్దదు. కోసిన చోట సరైన అక్షరం కూర్చోవాలంటే పక్కన ఒక నమూనా పెట్టి కణం చేత కాపీ కొట్టించాలి. మూలకణాలు ఆ పని చేయడానికి తరచుగా మొండికేస్తాయి. అందుకని శాస్త్రవేత్తలు దొడ్డిదారి పట్టారు.

కడుపులో ఉన్నప్పుడు మనందరికీ వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది. దాన్ని పిండ హిమోగ్లోబిన్ అంటారు. పుట్టాక కొన్ని నెలల్లో బీసీఎల్11ఎ అనే ప్రొటీన్ దాని తయారీని ఆపేస్తుంది. ఆ ప్రొటీన్‌ని తగ్గిస్తే పాత హిమోగ్లోబిన్ తిరిగొస్తుంది, కణాలు వంగవు. చిక్కల్లా ఏమిటంటే బీసీఎల్11ఎ మెదడుకీ, రోగనిరోధక కణాలకీ కూడా కావాలి. జన్యువునే పాడుచేస్తే అక్కడా నష్టమే. అదృష్టవశాత్తూ ఆ జన్యువు లోపలే ఒక చిన్న ముక్క ఉంది, అది ఎర్రరక్తకణాల వంశంలో మాత్రమే జన్యువుని పెద్దగా పలికిస్తుంది. ఆ ముక్కను పట్టుకుని వేలాడే ప్రొటీన్ పేరు గాటా1. అది వెతుక్కునే ఐదక్షరాల గుర్తు ఎదురు పోగులో GATAA అని ఉంటుంది, మన పోగులో తిరగేసి చదివితే TTATC. ఇప్పుడు స్లైడ్ మళ్లీ చూడండి. నిలువు గీత సరిగ్గా ఆ ఐదక్షరాల మధ్యే పడింది. కోత పడ్డాక కణం కంగారుగా రెండు కొసలూ అతికిస్తుంది, ఆ కంగారులో కొన్ని అక్షరాలు పోతాయి లేదా ఒకటి ఎక్కువ వస్తుంది. గుర్తు చెడిపోతుంది, గాటా1కి పట్టు దొరకదు. మనకు కావలసింది ఆ చెడిపోవడమే.

[మూడో స్లైడ్: క్యాస్9 వెతుకులాట]

ఇక చిరునామా ఎలా చదువుతుందో చూద్దాం. క్యాస్9 ప్రొటీన్ గైడ్‌ని మోసుకుని డీఎన్ఏ మీద తిరుగుతూ మొదట ఇరవై అక్షరాల కోసం వెతకదు. ఏదో ఒక అక్షరం, దాని వెనక రెండు జిలు ఉన్న చోటు కోసం వెతుకుతుంది. దాన్ని పామ్ అంటారు. మన స్లైడ్‌లో చివర ఉన్న AGG అదే. పామ్ లేకపోతే పక్కన ఇరవై అక్షరాలూ అచ్చుగుద్దినట్టు ఉన్నా క్యాస్9 సాధారణంగా ఆగకుండా వెళ్లిపోతుంది. ఈ అలవాటు బ్యాక్టీరియా నుంచి వచ్చింది. దాడిచేసిన వైరస్‌ల ముక్కలను బ్యాక్టీరియా తన డీఎన్ఏలోనే దాచుకుంటుంది. ఆ దాచుకున్న ముక్కల పక్కన పామ్ ఉండదు, కాబట్టి తన ముక్కను తానే కోసుకోదు.

పామ్ దొరికితే క్యాస్9 దాని పక్కనున్న జంట పోగులను కొంచెం విప్పి, గైడ్‌తో జత కలుస్తుందో లేదో పామ్ వైపు నుంచే చూసుకుంటూ పోతుంది. చొక్కా గుండీలు కింది నుంచి పెట్టుకోవడం లాంటిది. మొదటి పది పన్నెండు గుండీలలో తేడా వస్తే చాలాసార్లు అక్కడే వదిలేస్తుంది. అవి దాటాక, పామ్‌కి దూరంగా ఒకటి రెండు తప్పులున్నా సర్దుకుపోతుంది. జత కుదిరిందనుకున్నాక ప్రొటీన్ ఆకారం మారి, దానిలోని రెండు కోత భాగాలు చెరో పోగునూ పామ్‌కి మూడక్షరాల అవతల తెంచుతాయి.

ఈ సర్దుబాటు గుణంతోనే మన తలనొప్పులన్నీ మొదలవుతాయి.

[నాలుగో స్లైడ్: గైడ్ ఎంపిక]

గైడ్ రాయడానికి పాఠ్యపుస్తకాల్లో కొన్ని నియమాలుంటాయి. జి, సి అక్షరాలు కలిపి 40 నుంచి 60 శాతం ఉండాలి. నాలుగు టిలు వరసగా రాకూడదు. మన గైడ్‌లో లెక్కపెట్టండి. జి, సిలు కలిపి ఏడు, అంటే 35 శాతం. నాలుగు టిలు వరసగా ఉన్నాయి కూడా. పరీక్షలో ఈ గైడ్ రాస్తే మార్కులు పోతాయి. అయినా లైసెన్సు వచ్చింది దీనికే.

కారణం తెలిస్తే నియమం ఎప్పుడు వర్తిస్తుందో తెలుస్తుంది. నాలుగు టిల నియమం కణం లోపల ప్లాస్మిడ్ నుంచి గైడ్‌ని తయారు చేయించేవాళ్ల కోసం. ఆ పని చేసే ఎంజైము టిల వరసను ముగింపు గుర్తుగా తీసుకుని మధ్యలోనే ఆపేస్తుంది. ఈ చికిత్సలో గైడ్‌ని బయట రసాయనికంగా తయారు చేసి, క్యాస్9కి తగిలించి, విద్యుత్ తాకిడితో కణాల్లోకి పంపుతారు. కాబట్టి ఆ భయం లేదు. ఇక 40 శాతం అనేది చాలా గైడ్‌ల సగటు అనుభవం మాత్రమే. పైగా ఇక్కడ ఎంచుకోవడానికి స్వేచ్ఛ తక్కువ. గాటా1 గుర్తు కదలదు, దాని మధ్యలో కోత పడాలి, మూడక్షరాల దూరంలో పామ్ ఉండాలి. ఇంటి గోడ మారనప్పుడు తలుపు ఎక్కడ పెట్టాలో గోడే చెబుతుంది.

[ఐదో స్లైడ్: ఒక చిన్న లెక్క]

ఇరవై అక్షరాలతో రాయగల వరుసలు సుమారు 1.1 లక్షల కోట్లు. మన జన్యుపటంలో అక్షరాలు 300 కోట్ల పైచిలుకు, రెండు పోగులూ కలిపి 600 కోట్లు. అంటే ఒక గైడ్ యాదృచ్ఛికంగా ఇంకోచోట అచ్చంగా కనబడే అవకాశం బహు తక్కువ. ఇంతవరకూ హాయి. కానీ మూడు తప్పుల దాకా క్షమిస్తే ఒక గైడ్‌కి దగ్గరి చుట్టాలు 32 వేల పైనే. వాటి పక్కన పామ్ కూడా ఉన్న చోట్లు, అక్షరాలు ఎలాపడితే అలా చల్లినవనుకుంటే, పది పన్నెండు తేలతాయి. ఊరి రచ్చబండ దగ్గర నిలబడి వెంకటేశ్వరరావూ అని పిలిస్తే పదిమంది తిరిగి చూసినట్టు. ఆ పది మందిలో ఎవరు నిజంగా లేచి వస్తారన్నదే ఆఫ్ టార్గెట్ ప్రశ్న.

దీన్ని కనిపెట్టడానికి మొదట కంప్యూటర్‌లో జాబితా తీస్తారు. తర్వాత కణాల్లోనే పరీక్షిస్తారు. గైడ్‌సీక్ అనే పద్ధతిలో కోతతో పాటు ఒక చిన్న గుర్తు డీఎన్ఏ ముక్కను కూడా కణంలోకి పంపుతారు. ఎక్కడ కోత పడితే అక్కడ ఆ ముక్క అతుక్కుంటుంది. తర్వాత ఆ ముక్క ఎక్కడెక్కడ చేరిందో చదువుతారు. చివరికి అనుమానం వచ్చిన చోట్లను ఒక్కొక్కటీ వేలసార్లు చదివి, కోయని కణాలతో పోలుస్తారు. చదివే యంత్రం కూడా తప్పులు చేస్తుంది గనక వెయ్యికొకటి కంటే తక్కువగా ఉన్న మార్పు యంత్రం పొరపాటో, నిజం కోతో తేల్చడం కష్టం.

[ఆరో స్లైడ్: ఎవరి జన్యుపటం?]

ఈ ప్రసంగానికి ఈ స్లైడే ప్రాణం. కంప్యూటర్ జాబితా తీసేది ఒక ప్రామాణిక జన్యుపటం నుంచి. రోగి ఒంట్లో ఉన్నది ఆ పటం కాదు. 2023లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో బోస్టన్ పరిశోధకులు, ఈ గాటా1 గుర్తు ఉన్న ముక్కను కనిపెట్టిన బృందంవాళ్లు కూడా అందులో ఉన్నారు, వేలమంది జన్యుపటాల్లోని తేడాలను కలిపి మన గైడ్‌ని మళ్లీ వెతికారు. రెండో క్రోమోజోమ్ మీద సీపీఎస్1 అనే జన్యువు లోపల ఒక చోటు దొరికింది. ప్రామాణిక పటంలో అక్కడ పామ్ లేదు, కాబట్టి పాత జాబితాల్లో అది భయపడాల్సిన చోటు కాదు. కానీ కొందరిలో ఒక అక్షరం మారి అక్కడ రెండు జిలు పక్కపక్కన చేరాయి. తలుపు లేని గోడకు తలుపు మొలిచింది. ఈ మార్పు rs114518452 ఆఫ్రికా మూలాలున్న జనాభాలో 4.5 శాతం ప్రతులలో ఉంది. ఒక్కొక్కరికి రెండేసి ప్రతులు కాబట్టి లెక్కవేస్తే సుమారు 11 మందిలో ఒకరు. సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్నదీ ఆ మూలాలవాళ్లలోనే.

ఆ మార్పును ఒక ప్రతిలో మోస్తున్న దాత కణాలను తీసుకుని గైడ్‌ని పంపితే, మార్పు ఉన్న ప్రతిలోనే కోతలు కనబడ్డాయి, రెండో ప్రతి దాదాపు అలాగే మిగిలింది. అసలు లక్ష్యం కూడా రెండో క్రోమోజోమ్ మీదే కదా, రెండు కోతల మధ్య ముక్క తిరగబడి అతుక్కున్న కణాలు కూడా కొన్ని దొరికాయి. నా ఉద్దేశంలో దీన్ని చూసి చికిత్స ప్రమాదకరమని బెంబేలెత్తడం తప్పు. ఆ కోత పడింది జన్యువులో ప్రొటీన్‌ని రాయని భాగంలో, పైగా సీపీఎస్1 పని కాలేయంలో, రక్తకణాల్లో కాదు. కానీ ఈసారి అది అదృష్టం. ఇంకో గైడ్‌కి అలాంటి తలుపు క్యాన్సర్‌ని అదుపులో పెట్టే జన్యువులో మొలిస్తే?

2023 అక్టోబర్ 31న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం ఈ చికిత్స మీద కూర్చున్నప్పుడు ప్రధానంగా చర్చించిందీ ఇదే. మందు పనిచేస్తుందా అన్నది కాదు. పరీక్షించిన 31 మందిలో 29 మందికి ఏడాదిపాటు తీవ్రమైన నొప్పుల దాడులు రాలేదు. ఆఫ్ టార్గెట్ వెతుకులాటకు చూసిన నమూనాలు చాలా అన్నదే ప్రశ్న. డిసెంబర్ 8న అనుమతి వచ్చింది, చికిత్స పొందినవాళ్లను 15 ఏళ్లు గమనించే ఏర్పాటుతో.

తగ్గించే మార్గాలున్నాయి. ప్రొటీన్‌ని నేరుగా పంపితే అది కొద్దిరోజుల్లో కరిగిపోతుంది, తప్పులు చేయడానికి సమయం చిక్కదు. బోస్టన్ బృందమే ఒక అమైనో ఆమ్లం మార్చిన, పట్టింపు ఎక్కువున్న క్యాస్9తో ప్రయత్నిస్తే సీపీఎస్1 కోతలు బాగా తగ్గాయి, అసలు కోత తగ్గలేదు. ఢిల్లీలోని ఐజీఐబీ పరిశోధకులు వేరే బ్యాక్టీరియా నుంచి తీసిన క్యాస్9ని ఇలాగే సికిల్ సెల్ కోసం పదును పెడుతున్నారు. తప్పు అక్షరం తగిలితే పట్టు వదిలేయడం దాని స్వభావం.

[చివరి స్లైడ్]

పాడేరు ఏజెన్సీలోనూ, ఆదిలాబాద్ గూడేల్లోనూ ఈ జబ్బు ఉంది. ఇప్పటి ధర సుమారు 22 లక్షల డాలర్లు, కాబట్టి రేపే ఆ గూడేలకు వస్తుందని ఎవరూ అనుకోవద్దు. కానీ వచ్చే రోజుకి పోల్చి చూడాల్సింది బోస్టన్ జాబితాతో కాదు. జీనోమ్ ఇండియా 10 వేలమంది భారతీయుల జన్యుపటాలు చదివింది. బయోఇన్ఫర్మాటిక్స్ పిల్లలకు నా విన్నపం ఒకటే. స్లైడ్‌లోని ఇరవై అక్షరాలనూ రాసుకోండి. CRISPRme ఉచితంగా దొరుకుతుంది. ఈ సెమిస్టర్ ప్రాజెక్టుగా మన జనాల తేడాలతో ఈ గైడ్‌ని వెతకండి, ఎక్కడైనా కొత్తగా రెండు జిలు పక్కపక్కన చేరాయేమో చూసి నాకు చెప్పండి.

ఇక ప్రశ్నలు అడగొచ్చు.