మట్టి ఒకప్పుడు మోసిన బరువు

జపాన్‌లోని ఒసాకా తీరంలో, సుమారు 18 మీటర్ల లోతు సముద్రంలో మట్టీ రాళ్లూ పోసి ఒక దీవిని తయారుచేశారు. దానిమీద కట్టిన కన్సాయ్ విమానాశ్రయం 1994లో మొదలైంది. ఆ దీవి 13 మీటర్లకు పైగా కుంగింది, ఇంకా నెమ్మదిగా కుంగుతూనే ఉంది. సముద్రం అడుగున ఉన్న మెత్తని బంకమట్టిలోకి ఇసుక స్తంభాలు దింపడంతో అందులోని నీరు త్వరగా బయటికి పోయింది, ఆ పొర తొందరగానే కుదురుకుంది. ఇప్పటికీ ఇబ్బంది పెడుతున్నది దాని కింద ఉన్న, చాలా పాతదైన, గట్టి బంకమట్టి.

గట్టి మట్టి ఎందుకు కుంగింది? ఆ పొర తనపై అప్పటికే ఉన్న బరువు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే ఓర్చుకోగలదు. దీవి వల్ల చదరపు మీటరుకు 40 టన్నులకు పైగా బరువు పడేసరికి ఆ హద్దు దాటిపోయింది. ఈ హద్దునే ప్రీకన్సాలిడేషన్ ప్రెషర్ అంటారు. దాన్ని నేటి బరువుతో భాగిస్తే వచ్చేది ఓవర్ కన్సాలిడేషన్ రేషియో, అంటే ఓసీఆర్. ఓసీఆర్ 1 అయితే ఆ మట్టి ఇప్పుడు మోస్తున్నదే దాని జీవితంలోకెల్లా పెద్ద బరువు. 2 అయితే ఇంతకు రెండింతల బరువు ఒకప్పుడు మోసి ఉంటుంది. పైనున్న మట్టి కోతకు గురై పోవడం, మంచు పలకలు కరిగిపోవడం, నేల ఎండి బిగుసుకోవడం ఇందుకు కారణాలు. బరువు మారకపోయినా వేల ఏళ్లు అలాగే ఉన్న మట్టి కూడా కొంత గట్టిపడుతుంది.

ఈ హద్దును ఈడోమీటర్ పరీక్షలో కనుక్కుంటారు. బోరులోంచి చెదరకుండా తీసిన మట్టిని సుమారు 20 మిల్లీమీటర్ల మందం బిళ్లగా కోసి ఉక్కు వలయంలో అమర్చి, పైనా కిందా నీరు పోయే రాతి బిళ్లలు పెడతారు. సాధారణంగా రోజుకోసారి బరువును రెట్టింపు చేస్తూ, బిళ్ల ఎంత పలచబడిందో కొలుస్తారు. బరువును లాగరిథమ్ స్కేలు మీద పెట్టి గీత గీస్తే, అది మొదట దాదాపు చదునుగా సాగి, ఒకచోట వంగి, తర్వాత ఏటవాలుగా దిగుతుంది. ఆ వంపు దగ్గరే హద్దు ఉంటుంది. దాన్ని గుర్తించే రేఖాపద్ధతిని ఆర్థర్ కాసాగ్రాండే 1936లో చూపించాడు.

ఈ హద్దు వల్ల లెక్క ఎంత మారుతుందో చూద్దాం. 4 మీటర్ల మందం బంకమట్టి పొర మీద ఇప్పుడు చదరపు మీటరుకు 8 టన్నుల బరువు ఉంది, కట్టడం మరో 4 టన్నులు చేరుస్తుంది అనుకుందాం. మట్టి రేణువుల ఘనపరిమాణం ఎంతో వాటి మధ్య ఖాళీ కూడా అంతే. బరువు పదింతలైతే ఈ ఖాళీ నిష్పత్తి ఏటవాలు భాగంలో 0.30, చదును భాగంలో 0.05 తగ్గుతుంది. హద్దు 8 టన్నులే అయితే పొర సుమారు 106 మిల్లీమీటర్లు కుంగుతుంది. హద్దు 10 టన్నులైతే 57 మిల్లీమీటర్లు. 16 టన్నులైతే 18 మిల్లీమీటర్లే. మట్టి, మందం, కట్టడం ఏవీ మారలేదు, గతం ఒక్కటే మారింది.

అందుకే నమూనా చెదిరితే ప్రమాదం. గొట్టం దిగేటప్పుడో, రవాణాలోనో మట్టి నలిగితే వంపు స్పష్టంగా కనపడదు, హద్దు ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది. చదును భాగం నిట్రంగా, ఏటవాలు భాగం చదునుగా మారతాయి. దీన్ని పట్టుకునే దారి ఉంది. భూమిలో మోసిన బరువునే తిరిగి పెట్టినప్పుడు మంచి నమూనా కొద్దిగానే నలగాలి. 4 శాతం దాటి నలిగితే ఆ గీతను నమ్మకూడదు. చదును భాగపు వాలు కోసం పరీక్ష మధ్యలో బరువు తీసి మళ్లీ పెట్టి కొలుస్తారు.

హద్దు తక్కువని తేలితే దాన్ని మనమే పెంచవచ్చు. పై ఉదాహరణలో హద్దు 8 టన్నులైన స్థలంలో 6 టన్నుల బరువుకు సరిపడా, అంటే సుమారు మూడున్నర మీటర్ల ఎత్తున, మట్టి పోసి ఆగాలి. నీరు బయటికి పోయేకొద్దీ పొర సుమారు 146 మిల్లీమీటర్లు దిగుతుంది. నీరు పోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది, అందుకే ఇలాంటి చోట్ల కూడా ఇసుక స్తంభాలు దింపుతారు. ఆ తర్వాత మట్టి తీసేసి కట్టడం కడితే, హద్దు ఇప్పుడు 14 టన్నులు కాబట్టి, ఇక కుంగేది సుమారు 18 మిల్లీమీటర్లే. గోడలు లేవకముందే నేల తన కుంగుబాటులో ఎక్కువ భాగం పూర్తిచేసుకుంటుంది.