499 దగ్గర గుమిగూడే బిల్లులు

“మరో 79 రూపాయలవి కొంటే డెలివరీ ఫ్రీ” అని తెర మీద కనబడగానే చాలామంది ఇంకో వస్తువు కోసం వెతుకుతారు. అలా వెతికించడం వల్ల దుకాణానికి లాభమేనా? చాలాసార్లు కాదు.

లెక్క కోసం ఒక పచ్చళ్ల ఆన్‌లైన్ దుకాణాన్ని ఊహించుకుందాం. సరుకు మీద వందకు 30 రూపాయలు మిగులుతుంది. కొరియర్‌కు 60 రూపాయలవుతుంది, దాన్ని కొనేవాళ్లే కడుతున్నారు. ఇప్పుడు యజమాని 499, ఆపైన కొన్నవాళ్లకు డెలివరీ ఫ్రీ అని పెట్టాడు.

ఒకావిడ బుట్టలో 420 రూపాయల పచ్చళ్లున్నాయి. డెలివరీతో కలిపి 480 అవుతుంది. 90 రూపాయల కరివేపాకు పొడి కూడా వేసుకుంటే మొత్తం 510. అంటే ఇంకో 30 రూపాయలకే పొడి ఇంటికొస్తుంది. ఎందుకు వదులుకుంటుంది? కానీ దుకాణానికి ఆ పొడి మీద మిగిలింది 27, చేతి నుంచి పోయింది 60. ఆ బిల్లు పెరిగి 33 రూపాయల నష్టం తెచ్చింది.

అదే 250 దగ్గర ఉన్నవారు 510కి వస్తే అదనపు సరుకు మీద 78 మిగులుతుంది. కొరియర్ పోను 18 లాభం. ఈ దుకాణంలో బిల్లు కనీసం 200 పెరిగితే తప్ప కొరియర్ ఖర్చు పూడదు. చిక్కేమిటంటే, తేలిగ్గా గీత దాటేది దగ్గర్లో ఉన్నవాళ్లే. ఎప్పుడూ 800కి కొనేవాళ్లకైతే 60 రూపాయలు ఊరికే ఇచ్చినట్టే. డెలివరీ ఛార్జీ చూసి వెళ్లిపోయేవాళ్లు ఇప్పుడు ఆగి కొంటే మాత్రం అది నిజమైన రాబడి.

బిల్లులను 50 రూపాయలకొక గడి చొప్పున పేర్చి చూస్తే ఇదంతా కంటికి కనబడుతుంది. గీత పెట్టకముందు నున్నగా ఉన్న వాలులో 449–498 గడి దగ్గర గుంట పడుతుంది, ఆ పక్క గడి గుట్టలా లేస్తుంది. దూరంగా 150, 200 దగ్గర పెద్ద కదలికేమీ ఉండదు.

సగటు బిల్లు ఈ సంగతి చెప్పదు. 200, 400, 600 బిల్లుల సగటు 400. చిన్న బిల్లువారు విసుగెత్తి వెళ్లిపోతే సగటు 500 అవుతుంది, ఎవరూ రూపాయి ఎక్కువ పెట్టకుండానే! నెలకు రెండుసార్లు కొనేవాళ్లు రెండూ కలిపి ఒకేసారి తెప్పించుకున్నా సగటు పెరుగుతుంది, అమ్మకం పెరగదు.

గీతను మరీ పైకి జరిపితే ఎవరూ ఎక్కరు. అమెరికాలో అమెజాన్ 2002లో 99 డాలర్లతో మొదలుపెట్టి, అదే ఏడాది 49కి, తర్వాత 25కి దించింది. 2013లో మళ్లీ 35కి పెంచింది.

చిన్న దుకాణం నడిపేవాళ్లు గీత పెట్టేముందు పాత బిల్లులు ఎక్కువగా ఏ గడిలో ఉన్నాయో చూసుకోండి. ఆ గడికి ఆనుకుని గీత పెట్టకండి. పెట్టాక సగటును పక్కన పెట్టి, కొరియర్ ఖర్చు పోను నెలకు చేతిలో ఎంత మిగిలిందో లెక్కేయండి.