పొయ్యి కట్టేశాకే అసలు జాగ్రత్త

మన వంటలో నిప్పుకు లోటు లేదు. పప్పు కుక్కరులో మెత్తగా ఉడుకుతుంది, పులుసు తెర్లుతుంది. అయినా కీమో చేయించుకుంటున్నవాళ్లకూ ఎనభై దాటిన పెద్దవాళ్లకూ ఒక్కోసారి ఇంటి తిండే చేటు చేస్తుంది. చాలాసార్లు తేడా వచ్చేది వంట అయిపోయిన తర్వాతే.

కీమో ఎక్కించాక సుమారు వారం నుంచి రెండు వారాల మధ్య, క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు బాగా పడిపోతాయి. మైక్రోలీటరు రక్తంలో అవి 500 కన్నా తగ్గాయంటే ఒంటికి కాపలా లేనట్టే. మనకు ఒక పూట విరేచనాలతో పోయేది వాళ్లకు రక్తంలోకి పాకవచ్చు.

ఒక ఇంటి సంగతి ఊహించుకుందాం. అరవై ఏళ్లావిడకు కీమో అయి పదో రోజు. రాత్రి 8కి వండిన అన్నం సగం మిగిలితే కుక్కరులోనే మూత పెట్టి వదిలేశారు. పొద్దున 7కి పారేయడం ఎందుకని పులిహోర కలిపారు. వాసన రాలేదు, మెతుకు జిగురు కట్టలేదు. తిన్న మూడు గంటలకు వాంతులు. కీమో వల్లేనని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకున్నారు. కానీ కీమో వికారం సాధారణంగా మొదటి కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది. పదో రోజున, అదీ తిన్న కొన్ని గంటల్లోనే మొదలైతే తిండినీ అనుమానించాలి.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విత్తనాల్లాంటి రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా అది చావదు. అన్నం గోరువెచ్చగా దిగాక మేల్కొని పెరుగుతుంది, విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా విరగదు. ఇంక నూనెలో చిటపటలాడిన పోపు ఏం చేయగలదు? మూత పెట్టిన కుక్కరులో అన్నం గంటల తరబడి ఆ గోరువెచ్చదనంలోనే ఉండిపోతుంది.

అందుకని రోగికి పూటకు సరిపడా అర గ్లాసు బియ్యం విడిగా వండి, వేడిగా ముందు వాళ్లకే వడ్డించండి. కూరైనా పప్పైనా రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు, మన ఎండాకాలంలో గంటే. మిగిలింది దాచక తప్పకపోతే వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు పొగలు కక్కేలా వేడిచేసి ఒక్కసారే వాడాలి. రాత్రంతా నానబెట్టే చద్దన్నానికి ఈమధ్య మళ్లీ మంచి పేరొచ్చింది గానీ, ఈ రోజుల్లో వీళ్లకు వద్దు.

ఇక ఉడికిన వంటకం మీద పచ్చిగా చల్లేవి. దించాక వేసే కొత్తిమీర, పచ్చి కొబ్బరి తురుము, పక్కన ఉల్లిపాయ ముక్కలు. కొత్తిమీరను కడిగి, దించడానికి ముందే వేసి రెండు నిమిషాలు ఉడకనివ్వండి. మిరియాల పొడి కూడా అంతే, ఉడుకుతున్నప్పుడే పడాలి. పచ్చి కొబ్బరి పచ్చడి బదులు వంకాయో టమాటానో మగ్గించి నూరితే నోటికి రుచీ పోదు. ఆవకాయలో ఉప్పూ పులుపూ క్రిముల్ని చాలావరకు అణచిపెడతాయి, కానీ తడి గరిటె పెడితే బూజు పడుతుంది. పైగా కీమోతో నోరు పూసినవాళ్లకు ఆ కారం నరకం.

పూర్తిగా మానాల్సినవీ కొన్ని ఉన్నాయి. బలమని పెట్టే పచ్చి మొలకలు వాటిలో మొదటివి. గింజ పగుళ్లలో దాగిన క్రిములు ఆ తడి వెచ్చదనంలోనే పెరుగుతాయి, కడిగినా పోవు. సొన కారే గుడ్డు, కాచని పాలు, బండి మీద కోసిన పండ్లు, ఐసు వేసిన చెరుకురసం కూడా వద్దు. పెరుగు విషయంలో డాక్టర్లు ఒకే మాట చెప్పరు, కణాలు బాగా పడిపోయిన రోజుల్లో అడిగి పెట్టండి.

చికెన్‌ను కుళాయి కింద కడిగితే నీళ్లు చింది, పక్కనున్న గిన్నెల మీదికి క్రిములు చేరతాయి. పసుపు పట్టించినంత మాత్రాన అవి చావవు, బాగా ఉడికితేనే చస్తాయి. చికెన్ కోసిన కత్తిని, చెక్కను సబ్బుతో తోమకుండా కూరగాయలకు వాడకూడదు.

ఇవన్నీ విని పండ్లన్నీ ఆపేసే ఇళ్లున్నాయి. అది అతి. పచ్చివన్నీ మాన్పించే కఠిన పథ్యంతో ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు, మనిషి మాత్రం చిక్కిపోతాడు. మీ డాక్టరు వద్దనకపోతే అరటిపండో కమలాపండో కడిగి, ఇంట్లోనే తొక్క తీసి అప్పటికప్పుడు పెట్టవచ్చు. పంపర పనస మాత్రం కొన్ని మందులతో పడదు, అడగాలి.

ఎంత జాగ్రత్తపడ్డా జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే పొద్దున దాకా ఆగకూడదు. డాక్టరును అడగకుండా పారాసెటమాల్ వేస్తే జ్వరం కప్పడిపోతుంది. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి, చివరి కీమో ఏ తేదీన అయిందో, ఏం తిన్నారో చెప్పి బయల్దేరండి.