పాతకార్ల బేరంలో మంచి సరుకు ఎందుకు నిలవదు?

నిజాంసాగర్ ఆయకట్టు ధాన్యం మార్కెట్టుకు వస్తే వర్తకుడు కళ్లు మూసుకుని ధర కట్టడు. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని తాలు, మట్టి చూస్తాడు. తేమ మీటరు పెట్టి 17 శాతానికి లోబడి ఉందో లేదో తేల్చుకుంటాడు. అందుచేత మంచి ధాన్యానికి ఒక ధర, తడి ధాన్యానికి మరొక ధర పలికి, రెండూ ఒకే యార్డులో అమ్ముడవుతాయి.

పాతకారు సంగతి వేరు. ఇంజను ఎన్నిసార్లు విప్పారో, కారు ఎక్కడ గుద్దుకుందో అమ్మేవాడికి తెలుసు; కొనేవాడికి తెలియదు. ఈ తేడా ఒక్కటే మంచి సరుకును బజారు నుంచి ఎలా వెళ్లగొడుతుందో లెక్క వేసి చూద్దాం.

బాన్సువాడలో ఒకే మోడలు, ఒకే సంవత్సరం కార్లు ఐదు అమ్మకానికి వచ్చాయనుకుందాం. వాటి స్థితిని బట్టి యజమానులకు గిట్టే ధరలు 1, 2, 3, 4, 5 లక్షలు. కారు అవసరమున్న కొనుగోలుదారు ఏ కారుకైనా దాని విలువపై 20 శాతం ఎక్కువ ఇవ్వగలడు. అంటే మంచి చెడ్డా తెలిస్తే ఐదు బేరాలూ కుదురుతాయి, ఇరుపక్షాలకూ లాభమే.

కాని పైకి ఐదూ ఒకేలా మెరుస్తున్నాయి. కొనేవాడు సగటు చూసుకుంటాడు. సగటు 3 లక్షలు గనుక 3.60 లక్షలకు మించి ఇవ్వడు. ఆ ధర వినగానే 4, 5 లక్షల యజమానులు బండి ఇంటికి తోలుకుపోతారు. మిగిలిన మూడింటి సగటు 2 లక్షలే. ధర 2.40కి దిగుతుంది, 3 లక్షల కారు కూడా తప్పుకుంటుంది. మళ్లీ సగటు 1.50, ధర 1.80, ఈసారి 2 లక్షల కారు వెళ్లిపోతుంది. చివరకు అందరికంటె అధ్వాన్నమైన కారు ఒక్కటే 1.20 లక్షలకు అమ్ముడవుతుంది. ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. అయినా నాలుగు బేరాలు తప్పిపోయి, వాటిలో రావలసిన 2.80 లక్షల లాభం ఎవరికీ దక్కలేదు.

ఈ సంగతిని 1970లో ఒక వ్యాసంలో నిరూపించినవాడు అమెరికా అర్థశాస్త్రజ్ఞుడు జార్జి అకెర్లాఫ్. అక్కడ నాసిరకం కార్లను నిమ్మకాయలంటారు. వ్యాసానికి ఆ పేరే పెట్టాడు. మూడు పత్రికలు తిప్పి పంపిన ఆ వ్యాసానికి గాను 2001లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. భారతదేశపు బజారు బియ్యంలో ఇల్లాళ్లు ఏరుకోవలసివచ్చే రాళ్ల ప్రస్తావన కూడా అందులో ఉంది.

అయితే బజారు ప్రతిసారీ ఇంతగా కూలదు. బదిలీ అయిన ఉద్యోగి, పెండ్లి ఖర్చుకు డబ్బు కావలసిన రైతు గిట్టకపోయినా మంచి బండి అమ్ముతారు. అలాగే కొనేవాడి అవసరం గట్టిదై, విలువకు రెట్టింపు ఇవ్వగలిగితే మొదటి ధరే 6 లక్షలవుతుంది. ఐదు కార్లూ నిలుస్తాయి.

వరదల తర్వాత మాత్రం అనుమానం పెరుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో, 2025 ఆగస్టులో భారీ వర్షాలకు కామారెడ్డిలో కాలనీలు నీట మునిగాయి. నీట మునిగిన కారును కడిగి రంగు వేస్తే కంటికి తెలియదు. దాని నీడ మునగని కార్ల ధర మీద కూడా పడుతుంది. సీటు బెల్టును చివరి వరకు లాగితే బురద చార కనిపించవచ్చు. సీటు పట్టాల తుప్పు, కార్పెట్టు కింద ఒండ్రు, దీపాల్లో తేమ కూడా చూడాలి. మీటరు తక్కువ కిలోమీటర్లు చూపుతూ పెడల్ రబ్బరు అరిగి ఉంటే సర్వీసు రికార్డు అడగాలి.

బీమా కాగితం మరొక సాక్షి. క్లెయిము లేని తొలి ఏడాదికి 20 శాతం బోనసు, ఐదేళ్లకు 50 శాతం వస్తుంది. ప్రమాదమే లేదన్నవాడి బోనసు సున్నా అయితే కారణం అడగాలి. క్లెయిము జరిగి ఉండవచ్చు, లేదా పాలసీ చాలాకాలం ఆగి ఉండవచ్చు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటే ఈ కాగితం ఏమీ చెప్పదు.

అన్నిటికంటె గట్టి గుర్తు అమ్మేవాడు ఇచ్చే హామీ. ఆరు నెలల మరమ్మతు తనదే అని రాసిస్తే 40 వేలు ఎక్కువ వస్తాయనుకుందాం. మంచి కారుకు ఆ ఖర్చు 5 వేలు, చెడ్డదానికి 60 వేలు. మొదటివాడు సంతకం చేస్తాడు, రెండవవాడు వెనుకాడతాడు. మీ మెకానిక్‌కు చూపించుకోండి అన్న మాట కూడా అలాంటిదే.

అనుమానానికి బదులు ధర తగ్గించి కొంటే సరిపోతుందని పలువురు దళారీల లెక్క. కాని ధర తగ్గించిన ప్రతిసారీ ముందుగా వెళ్లిపోయేది మంచి బండే.