పెళ్లయ్యాక పేరు మారితే ఏ కాగితం మార్చాలి, ఏది మార్చనక్కర్లేదు?

పెళ్లయ్యాక అమ్మాయి ఇంటిపేరు మారితే అన్ని కాగితాల్లోనూ కొత్త పేరే ఉండాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడతారు. పదో తరగతి మార్కుల మెమో నుంచి పుట్టింటివాళ్లు కొనిచ్చిన స్థలం దస్తావేజు దాకా అన్నీ మార్పించాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. అలా అన్నీ మార్చడం కుదరదు, ఆ అవసరం కూడా లేదు. అసలు పెళ్లితో పేరు మార్చుకుని తీరాలని మన చట్టాల్లో ఎక్కడా లేదు. భర్త దగ్గరికి విదేశం వెళ్లాలంటే ఇంటిపేరు కలవాలనుకోవడం కూడా అపోహే. పాత పేరు అలాగే ఉంచుకుని, పాస్‌పోర్టులో భర్త పేరు చేర్పించుకుంటే సరిపోతుంది.

మార్చుకోవాలని నిర్ణయించుకున్నవాళ్లు ముందు తమ కాగితాలను రెండు కుప్పలుగా వేరుచేసుకోవాలి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా, పాస్‌పోర్టు ఈ రోజు మీరెవరో చెబుతాయి, కాబట్టి వాటిని మార్చుకోవాలి. మార్కుల మెమో, డిగ్రీ పట్టా, రిజిస్టరైన దస్తావేజు ఆ రోజున మీరెవరో చెబుతాయి. ఆ రోజున ఆ పేరు నిజమే కనుక వాటిలో తప్పేమీ లేదు. ఈ రెండు కుప్పలకూ మధ్య పాత పేరునూ కొత్త పేరునూ కలిపి చూపే కాగితం ఒకటి గట్టిగా ఉండాలి. చిక్కులన్నీ అది లేకపోవడం వల్లో, ఉన్నా అక్షరాలు కలవకపోవడం వల్లో వస్తాయి.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు అమ్మాయి కొల్లూరి సత్య పద్మావతి. పదో తరగతి మెమోలోనూ, 2014లో తండ్రి ఆమె పేరున కొన్న స్థలం దస్తావేజులోనూ అదే పేరు. బ్యాంకు పాసుపుస్తకంలో కె.ఎస్. పద్మావతి. వరంగల్ అబ్బాయితో పెళ్లయ్యాక ఆధార్‌లో వేమూరి పద్మావతి అని మార్పించుకుంది. పాన్ సంగతి పట్టించుకోలేదు. ఇప్పుడు పాస్‌పోర్టు కావాలి, ఆ స్థలమూ అమ్మాలి.

ఆమె ఇంటిపేరుతోపాటు ‘సత్య’ను కూడా తీసేసింది. పెళ్లి సర్టిఫికెట్ ఇంటిపేరు మారడానికి ఆధారమవుతుంది గానీ అసలు పేరులో ముక్క ఎందుకు పోయిందో చెప్పదు. అది వేరే పేరుమార్పు కిందికి వస్తుంది. దానికి గెజిట్ ప్రకటన అడిగే అవకాశం ఎక్కువ. ‘వేమూరి సత్య పద్మావతి’ అని పెట్టుకుని ఉంటే సర్టిఫికెట్‌తోనే పని తేలికయ్యేది. పెళ్లి పేరుతో మార్చేటప్పుడు ఇంటిపేరు ఒక్కటే మార్చి, మిగతా పేరును మెమోలో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉంచడం మేలంటాను. మెమోలో PADMAVATHI అని ఉంటే చివర H వదిలి PADMAVATI అని రాయించినా తర్వాత ఎవరో ఒకరు ఆపుతారు.

పెళ్లి సర్టిఫికెట్ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లి నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినా చాలామంది వీసా అవసరం పడేదాకా నమోదు చేయించరు. ఆలోపు ఆధార్‌లో పేరు మారిపోతుంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ ఆధారే చూపిస్తే సర్టిఫికెట్ మీద వధువు పేరు ‘వేమూరి’ అనే పడుతుంది. ఇక కొల్లూరి వారమ్మాయే ఈ వేమూరి కోడలని చెప్పే కాగితం ఎక్కడా మిగలదు. అందుకే ముందు పాత పేరుతో పెళ్లి నమోదు చేయించుకుని, ఆ తర్వాతే మిగతావి మొదలుపెట్టాలి.

పద్మావతికి ఇప్పుడు గెజిటే దారి. నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి, పత్రికలో ప్రకటన వేయించి, వాటిని జతచేసి కేంద్ర ప్రభుత్వ ప్రచురణల శాఖకు గానీ, రాష్ట్ర ముద్రణాలయ శాఖకు గానీ దరఖాస్తు చేయాలి. కేంద్ర గెజిట్‌లో ఇలాంటి ప్రకటనలు నాలుగో భాగంలో వస్తాయి, egazette.gov.in నుంచి దించుకోవచ్చు. ప్రకటనలో రాసేది ఒక్క వాక్యమే: ఇంతవరకు కొల్లూరి సత్య పద్మావతి అని పిలవబడిన నేను ఇకపై వేమూరి పద్మావతిగా పిలవబడతాను. ఇందులో పాత పేరు మెమోలోని స్పెల్లింగుతోనూ, కొత్త పేరు పాస్‌పోర్టులో కావాల్సిన స్పెల్లింగుతోనూ ఉండాలి. బ్యాంకులో ఉన్న ‘కె.ఎస్.’ రూపం గురించి అఫిడవిట్‌లో విడిగా రాయించుకోవాలి. అచ్చయ్యాక తప్పు దొరికితే దిద్దించడం పెద్ద పని కాబట్టి దరఖాస్తు ఇచ్చే ముందే ఇంకొకరి చేత చదివించడం మంచిది.

ఆ తర్వాత వరుస ముఖ్యం. మొదట ఆధార్. ఇందులో పేరు మార్చుకోవడానికి జీవితంలో రెండుసార్లే వీలుంటుంది. పద్మావతి ఒకసారి వాడేసుకుంది కనుక ఇకనుంచి జాగ్రత్తగా ఉండాలి. తర్వాత పాన్. నంబరు మారదు, పేరే మారుతుంది. ఆధార్‌తో పేరు కలవకపోతే అనుసంధానం దగ్గరే ఆగిపోతుంది. ఆపైన బ్యాంకు. ఇక్కడ జనానికి అంతగా తెలియని వెసులుబాటు ఒకటుంది. గుర్తింపు కార్డు తీసుకున్నాక పేరు మారినా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్ గానీ గెజిట్ గానీ జతచేస్తే ఆ పాత కార్డును చెల్లుబాటయ్యే పత్రంగానే చూడాలని రిజర్వు బ్యాంకు కేవైసీ నిబంధనల్లో ఉంది. కౌంటర్ దగ్గర కుదరదంటే మేనేజరుకు ఈ నిబంధన గుర్తుచేయవచ్చు.

పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు ఒక గడి ఉంటాయి. మనవాళ్లు అలవాటుగా ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి అంతా ఒకే గడిలో రాస్తారు. తర్వాత అమెరికా వీసా మీద అసలు పేరు ఉండాల్సిన చోట FNU అని పడుతుంది. ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా, వేరే పేరుతో పిలుస్తారా అని దరఖాస్తులో విడివిడిగా అడుగుతారు. పద్మావతి అక్కడ పాత పేరు దాచకుండా రాయాలి. ఇదివరకే పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు పేరుమార్పుతో కొత్త నంబరుతో కొత్త పుస్తకం వస్తుంది. పాత పుస్తకంలో గడువున్న వీసా ఉంటే రెండింటినీ వెంట ఉంచుకుని, టికెట్ కొత్త పాస్‌పోర్టులో ఉన్న పేరుతో తీసుకోవాలి.

మెమో సంగతికొస్తే, సీబీఎస్‌ఈ మీద నడిచిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2021లో పేరు మార్చమని అడిగే హక్కును గుర్తించింది. అచ్చుతప్పు దిద్దడం వేరు, కొత్త పేరు పెట్టుకోవడం వేరని విడదీసింది. కొత్త పేరైతే గెజిట్ లాంటి ఆధారాలు అడగవచ్చని, సర్టిఫికెట్ మీద పాత పేరు కూడా కనిపించేలా ఉంచవచ్చని చెప్పింది. అంతా చేసినా పాత పేరు పోదన్నమాట. అందుకే పెళ్లితో మారిన పేరు కోసం బోర్డు ఆఫీసుకు వెళ్లమని చెప్పను. విదేశీ విశ్వవిద్యాలయానికైనా, ఉద్యోగానికైనా మెమోతోపాటు గెజిట్ ప్రతి పంపితే సరిపోతుంది.

దస్తావేజుకు సవరణ పత్రం రాయించమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది రాసే సమయంలో జరిగిన తప్పును దిద్దడానికి. 2014లో పద్మావతి కొల్లూరి వారమ్మాయే కనుక అక్కడ దిద్దడానికేమీ లేదు. పొలమైతే పట్టాదారు పాసుపుస్తకంలోనూ, ఇల్లయితే ఆస్తిపన్ను రికార్డులోనూ కొత్త పేరు కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. అవి ఎప్పటికప్పుడు మారే రికార్డులు. అమ్మే రోజున మాత్రం కొత్త దస్తావేజులో అమ్మకందారు పేరు దగ్గరే, ‘శ్రీమతి వేమూరి పద్మావతి, వివాహానికి పూర్వం కొల్లూరి సత్య పద్మావతి, ఫలానా వారి కుమార్తె, ఫలానా వారి భార్య’ అని రాయించాలి. కింద 2014 నాటి దస్తావేజు నంబరుతోపాటు గెజిట్ తేదీ, సంచిక నంబరు చేర్పించాలి. కొనేవాళ్లు బ్యాంకు రుణం తీసుకుంటుంటే లాయరు లింకు డాక్యుమెంట్లతోపాటు ఆ గెజిట్‌నూ అడుగుతారు. కాబట్టి బయానా తీసుకునే రోజుకే దాని ప్రతి సిద్ధంగా ఉండాలి.